సీన్ 14: బూత్

ఇంటీరియర్ – ఆసుపత్రి, వినికిడి పరీక్ష గది – పగలు

గదిలో సగభాగాన్ని శబ్దం చొరబడని బూత్ ఆక్రమించి ఉంటుంది. దాని ముందు గోడలో వెడల్పాటి రెండు పొరల అద్దం, పక్క గోడలో బరువైన తలుపు, ఆ తలుపుకు ముఖమెత్తున చిన్న గుండ్రటి అద్దం ఉంటాయి. వెడల్పాటి అద్దానికి ఇవతల బల్లమీద ఆడియోమీటర్ ఉంటుంది. దాన్ని ఏటవాలుగా తిప్పి పెట్టడం వల్ల బూత్‌లో కూర్చున్నవారికి దాన్ని నడిపే చేయి కనిపించదు. అయితే బల్ల వెనకనున్న బీరువాకు అద్దపు తలుపులున్నాయి. ప్రేక్షకులు ఆ బీరువాను ఇప్పుడు ఊరికే చూసి వదిలేయాలి, కెమెరా దానిమీద ఆగకూడదు.

గది వాకిట్లో తండ్రి (58) ఫైలు పట్టుకుని నిలబడి ఉంటాడు. నీలం రంగు యూనిఫాం చొక్కా ఇస్త్రీ చేసి ఉంటుంది. అతని వెనక వార్డుబాయ్ మందుల ట్రాలీ తోసుకుంటూ వచ్చి ఆగుతాడు.

వార్డుబాయ్
కాస్త జరగండి.

తండ్రి కదలడు. వార్డుబాయ్ మళ్ళీ అంటాడు, తర్వాత ట్రాలీ కడ్డీని వేళ్ళతో టకటకలాడిస్తాడు. చక్రం మడమకు తగిలేదాకా తండ్రి తిరగడు. ఈలోగా బెంచీమీదనుంచి లేచి వచ్చిన కూతురు (28) అతని మోచేయి పట్టుకుని పక్కకు లాగుతుంది. తండ్రి ట్రాలీవైపు కాక ఆమెవైపు చూసి, తనను ఎవరో అనవసరంగా తోసినట్లు చేయి విడిపించుకుంటాడు.

ఆడియాలజిస్ట్ (35) బూత్ తలుపు తెరిచి పట్టుకుని ఉంటుంది. తండ్రి ఫైలును కూతురి చేతికిచ్చి లోపలికి వెళ్ళి, అద్దానికి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంటాడు. ఆడియాలజిస్ట్ ఎర్ర గుర్తున్న ఇయర్‌ఫోన్‌ను కుడిచెవికి, నీలం గుర్తున్నదాన్ని ఎడమచెవికి సరిగ్గా అమర్చి, తీగకు వేలాడే మీటను అతని చేతిలో పెడుతుంది. తలుపు మూసుకోగానే గది చప్పుళ్ళన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి.

(ఇక్కడినుంచి బూత్ లోపలి షాట్లలో తండ్రి చెవికి అందినదే ప్రేక్షకులకూ వినబడాలి. నేపథ్య సంగీతం ఈ సీన్‌లో ఎక్కడా వద్దు.)

ఆడియాలజిస్ట్ బల్ల దగ్గర కూర్చుని మైకులో మాట్లాడుతుంది. బూత్ లోపల ఆమె పెదవుల కదలిక, మాటల స్థానంలో ఒక మందమైన గొణుగుడు మాత్రమే ఉంటాయి. తండ్రి ఆ గొణుగుడు ఆగేదాకా ఆగి, గట్టిగా తల ఊపుతాడు.

తండ్రి
వినిపిస్తోంది మేడమ్.

ఆడియాలజిస్ట్ డయల్‌ను 1000 హెర్ట్జ్ దగ్గర పెట్టి టోన్ మీట నొక్కుతుంది. సన్నని కూత వినిపిస్తుంది. తండ్రి తన మీట నొక్కగానే ఆడియోమీటర్‌మీద ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. ఆమె పది డెసిబెల్స్ తగ్గిస్తుంది. కూత పలచబడుతుంది, దీపం వెలుగుతుంది. ఇంకో పది తగ్గిస్తుంది. ఇప్పుడు బూత్‌లో ఏమీ వినబడదు, అయినా దీపం వెలుగుతుంది.

తండ్రి ముఖం క్లోజప్. అతని చూపు ఆమెమీద లేదు, ఆమె భుజంమీదుగా వెనక్కి పోతోంది. ఆ చూపు వెంట వెళ్ళిన కెమెరాకు బీరువా అద్దంలో ఆడియాలజిస్ట్ కుడిచేయి, మీటమీదికి దిగి లేస్తున్న ఆమె చూపుడువేలు స్పష్టంగా కనిపిస్తాయి.

వేలు దిగుతుంది, దీపం వెలుగుతుంది. 2000 దగ్గర వెలుగుతుంది, 4000 దగ్గర వెలుగుతుంది, 8000 దగ్గర కూడా వెలుగుతుంది. బల్లమీది కాగితంలో ఎర్ర సున్నాలు పైన, 15కూ 20కీ మధ్య ఒకే వరుసలో చేరుతుంటాయి. ముప్పై ఏళ్ళు యంత్రాల మధ్య పనిచేసిన మనిషికి అలాంటి గీత రాదని ఆమెకు తెలుసు. పెన్ను ఆపి, తల ఎత్తకుండా, కళ్ళు మాత్రమే ఎత్తి అతన్ని చూస్తుంది.

బెంచీమీద కూతురు ఫైలు తెరుస్తుంది. పైనున్న ఫిట్‌నెస్ ఫారంలో ఉద్యోగం అన్నచోట 'క్రేన్ ఆపరేటర్' అని తండ్రి గుండ్రటి చేతిరాతలో ఉంటుంది. దాని కింద అచ్చులో ఒక వాక్యం ఉంటుంది: 'పనిస్థలంలో కిందనున్న సిబ్బంది ఇచ్చే హెచ్చరిక సంకేతాలను ఇతను వినగలడు.' పక్కనున్న గడి ఖాళీగా ఉంటుంది. ఆమె ఆ వాక్యాన్ని చదివి, పేజీ తిప్పబోయి, మళ్ళీ చదువుతుంది.

ఆడియాలజిస్ట్ చూపుడువేలు మీటమీదికి దిగుతుంది, కానీ మీటను తాకకుండా వెంట్రుకవాసి ఎత్తులో ఆగుతుంది. టోన్ వెలువడలేదు. ఆకుపచ్చ దీపం వెలుగుతుంది.

ఆమె ఇంకోసారి అలాగే చేస్తుంది. దీపం మళ్ళీ వెలుగుతుంది.

ఆమె నెమ్మదిగా వెనక్కి తిరిగి బీరువాను చూస్తుంది. అద్దంలో తన చేయి, ఆ చేయి వెనక బూత్‌లో కూర్చున్న మనిషి, ఇద్దరూ ఒకే చట్రంలో ఉంటారు. ఆమె ముఖంలో కోపం రాదు. నటి ఇక్కడ ఏ భావమూ అదనంగా చూపనక్కర్లేదు, ఆమె ఇలాంటివాళ్ళను ఇదివరకు చూసిన మనిషి. లేచి బూత్ తలుపు తీసి, లోపలికి వెళ్ళి, కుర్చీ వీపు పట్టుకుని పక్కకు తిప్పుతుంది. తండ్రి ఇప్పుడు తలుపుకు ఎదురుగా ఉన్నాడు. ఆమె తన ఎడమచెవిని తాకి చూపుతుంది. అతను ఆమె కళ్ళలోకి చూడకుండా తల ఊపుతాడు.

తలుపు మూసుకుంటుంది. బెంచీనుంచి లేచిన కూతురు దాని దగ్గరికి వచ్చి గుండ్రటి అద్దంలోంచి లోపలికి చూస్తుంది. ఆమె నిలబడ్డచోటు నుంచి ఒకవైపు తండ్రి ముఖం, మరోవైపు తిరిగితే ఆడియాలజిస్ట్ చేయి, రెండూ కనిపిస్తాయి. ఆ సంగతి ఆమెకంటే ముందు తండ్రికి తడుతుంది. కనుబొమలు కొద్దిగా ఎత్తి ఆమెను అడుగుతాడు.

ఆమెకు మొదట అర్థం కాదు. తర్వాత అర్థమవుతుంది.

ఆడియాలజిస్ట్ వేలు మీటను నొక్కుతుంది. బూత్‌లో ఏమీ వినబడదు. కూతురు ఆ వేలిని చూసి, తండ్రిని చూసి, గడ్డం అంగుళమంత దించుతుంది. తండ్రి మీట నొక్కుతాడు. దీపం వెలుగుతుంది. తండ్రి పెదవులమీద పుట్టిన చిరునవ్వు, చిన్నపిల్లవాడు దొంగతనంగా ఏదో దాచుకుని నవ్వినట్లు ఉంటుంది. ఆ నవ్వు చూడగానే కూతురి ముఖం మారిపోతుంది.

వేలు రెండోసారి దిగుతుంది. తండ్రి ఎదురుచూస్తాడు. కూతురు చేతిలోని ఫైలును రెండు చేతులతో గుండెలకు అదుముకుని అతన్నే చూస్తుంటుంది, తల కదపదు. తండ్రి కనుబొమలు మళ్ళీ లేస్తాయి, ఈసారి ఇంకాస్త ఎత్తుకు, ఇంకాస్త సేపు. అడగడం వేడుకోలుగా మారుతుంది.

కూతురు వెనక్కి తిరుగుతుంది. గుండ్రటి అద్దంలో ఇప్పుడు ఆమె జడ, వీపు తప్ప ఏమీ లేవు.

బూత్ లోపల తండ్రి మీట పట్టుకున్న చేతిని ఒడిలో పెట్టుకుని కూర్చుంటాడు. ఈ షాట్‌ను కత్తిరించకుండా ఉంచాలి. ఏమీ వినబడని ఒక నిడివి గడిచాక చాలా దూరంలో ఉన్నట్లు ఒక కూత మొదలవుతుంది. అతను కళ్ళు మూసుకుని, నిజంగా విని, నొక్కుతాడు.

బల్లమీది కాగితంలో నీలం ఇంటూ గుర్తులు పడుతుంటాయి. 1000 దగ్గర 35. 2000 దగ్గర 45. 4000 దగ్గర ఆడియాలజిస్ట్ ఐదేసి డెసిబెల్స్ చొప్పున పెంచుకుంటూ పోతుంది, 65 దాకా దీపం వెలగదు. 8000 దగ్గర గుర్తు కాస్త పైకి లేస్తుంది. చప్పుడు తినేసిన చెవి ఎప్పుడూ గీసే లోయ అది. తక్కువ ఫ్రీక్వెన్సీ టోన్లను ఆమె త్వరగా ముగిస్తుంది.

తండ్రి బయటికి వస్తాడు. కూతురు తలుపు పక్కనే ఉంటుంది, అతను ఆమెను దాటి బల్ల దగ్గరికి వెళ్తాడు. ఆడియాలజిస్ట్ కాగితాన్ని అతనివైపు తిప్పుతుంది. పైన ఎర్ర సున్నాల సమతలపు గీత ఉంది, కింద నీలం గుర్తుల గీత జారిపోయి ఉంది. తండ్రి చూపు ఎర్రగీతమీదే నిలుస్తుంది.

ఆడియాలజిస్ట్
(బిగ్గరగా, నిదానంగా)
ఒక చెవి ఇంత బాగుండి, ఇంకోటి ఇంతలా పడిపోతే, అది చప్పుడు వల్ల కాకపోవచ్చు. నరంమీద గడ్డ ఉందేమో చూడాలి. తలకు స్కాన్ రాస్తాను.

ఆమె స్కాన్ కోసం చీటీల పుస్తకం తెరిచి పెన్ను మూత తీస్తుంది. రాయడం మాత్రం మొదలుపెట్టదు, పెన్నును కాగితంమీద ఆనించి అలాగే ఉంచుతుంది.

తండ్రి కూతురివైపు తిరుగుతాడు. 'గడ్డ' అన్న మాట ఆమె ముఖంలో ఎక్కడ తగిలిందో అతనికి కనిపిస్తుంది. కాగితంలోని అబద్ధం ఏదో, దానివల్ల భయపడాల్సింది ఎవరో ఆ ముఖమే చెబుతోంది. అతను చేయి చాచి, పెన్ను పట్టుకున్న ఆడియాలజిస్ట్ చేతికి అడ్డంగా తన అరచేతిని చీటీలమీద పెడతాడు.

తండ్రి
గడ్డ లేదు.
(ఎర్రగీతమీద వేలు పెట్టి)
ఇది నేను విన్నది కాదు మేడమ్. చూసింది.

ఆడియాలజిస్ట్ పెన్నుకు మూత పెడుతుంది.

కూతురు
నాన్నా...

తండ్రి
నువ్వు ఇక్కడే ఉండమ్మా. అటు తిరగక్కర్లేదు.

అతను తనంతట తానే బూత్‌లోకి వెళ్ళి, కుర్చీని ఇంకా పక్కకు, తలుపూ అద్దమూ రెండూ కనిపించకుండా గోడవైపుకు తిప్పుకుని కూర్చుంటాడు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటూ ఎర్ర గుర్తు ఏ పక్కదో ఒకసారి చూసి సరిచేసుకుంటాడు. ఆడియాలజిస్ట్ ఎర్ర సున్నాలున్న కాగితాన్ని అడ్డంగా కొట్టివేసి, కొత్త కాగితం తీసి, మైకు ముందుకు వంగుతుంది.

బూత్ లోపల మళ్ళీ అదే గొణుగుడు ఉంటుంది. తండ్రి గోడను చూస్తూ ఇయర్‌ఫోన్‌ను చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకుంటాడు. ఈసారి తల ఊపడు.

తండ్రి
ఏమన్నారు మేడమ్? నాకు వినపడలేదు.

ఆడియాలజిస్ట్ మైకు స్థాయిని పెంచుతుంది.

ఆడియాలజిస్ట్
(ఇప్పుడు మాటలు స్పష్టంగా)
కుడిచెవితో మొదలుపెడుతున్నాను. వినిపిస్తేనే నొక్కండి.

తండ్రి
సరే.

ఆమె డయల్‌ను 1000కు తిప్పి మీట నొక్కుతుంది. దీపం వెలగదు. ఐదు పెంచి నొక్కుతుంది. వెలగదు. ఇంకో ఐదు పెంచి నొక్కుతుంది. వెలుగుతుంది. ఆమె 35 దగ్గర ఎర్ర సున్నా చుట్టి, డయల్‌ను 2000కు తిప్పుతుంది.

కట్ టు: