తెల్లారితే పరీక్ష

ఝాన్సీ ఫైలు మీద రెండుసార్లు నొక్కింది. తెర మధ్యలో నీలం పెట్టె మళ్లీ వచ్చింది.

```
This app can't run on your PC
To find a version for your PC, check with the software publisher.
```

Close నొక్కింది. ఇది నాలుగోసారి. గోడ గడియారంలో తొమ్మిదికి పది నిమిషాలు తక్కువ. రేపు ఆదివారం పొద్దున్న పది గంటలకు పరీక్ష.

అది క్యాంపస్ ఉద్యోగాలకు మొదటి రౌండు. ఇంటి నుంచే రాయాలి. కెమెరా ఆన్‌లో ఉండాలి. ఆ సాఫ్ట్‌వేర్ తెరిస్తే తప్ప ప్రశ్నలు కనిపించవు. పది రోజుల క్రితమే కాలేజీ ల్యాబ్‌లో కూర్చుని సిస్టమ్ చెక్ చేసుకుంది. కెమెరా, మైకు, నెట్ స్పీడ్ అన్నిటికీ పచ్చ టిక్కులు పడ్డాయి. అసలు సాఫ్ట్‌వేర్ లింకు మాత్రం ఈ సాయంత్రం ఆరింటికి మెయిల్‌లో వచ్చింది. ఆ లింకు వారం ముందే ఇచ్చి ఉంటే ఎంతమంది పిల్లలకు ఒక రాత్రి నిద్ర మిగిలేదో! ల్యాబ్‌కు తాళం వేసేశారు. సోమవారం దాకా తియ్యరు.

ఝాన్సీ చెయ్యగలిగినవన్నీ చేసింది. రైట్ క్లిక్ చేసి Run as administrator నొక్కింది. యాంటీవైరస్ ఆపింది. ఫైలు సగంలో తెగి దిగిందేమోనని మళ్లీ దించింది. ఒక్కోసారికి 380 ఎంబీ. ఫోన్‌లో రోజుకు వచ్చేది 1.5 జీబీ. ఇంకోసారి దించితే ఆ రాత్రికి నెట్ ఉండదు. హెల్ప్‌డెస్క్‌కు మెయిల్ పెడితే అర నిమిషంలో జవాబు వచ్చింది. మీ ఫిర్యాదు అందింది, 48 గంటల్లో సంప్రదిస్తాం అని.

"ఏటైందే? అన్నం చల్లారిపోతంది" అంది అమ్మ వంటింట్లోంచి.

"ఏటీ లేదమ్మా. తింటాను."

టెక్కలిలో ఉండే సౌమ్యకు ఫోన్ చేసింది. సౌమ్యకు రెండు నిమిషాల్లో ఇన్‌స్టాల్ అయిపోయిందట. అది విన్నాక ఝాన్సీకి ఏడుపు గొంతు దాకా వచ్చింది.

"ఒక పని చెయ్యి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో కింద About ఉంటుంది. System type అని ఉన్నచోట ఏముందో చదువు."

చదివింది.

```
Installed RAM   4.00 GB (2.96 GB usable)
System type     32-bit operating system, x64-based processor
```

అటువైపు సౌమ్య కాసేపు మాట్లాడలేదు. "నాది 64 అని ఉందే" అంది చివరికి.

అప్పుడు అర్థమైంది ఝాన్సీకి. ల్యాప్‌టాప్‌లో లోపం లేదు. దాని ప్రాసెసర్ 64 బిట్ ప్రోగ్రాములు నడపగలదు. లోపల వేసిన విండోసే 32 బిట్‌ది. ఇన్నాళ్లూ నాలుగు జీబీ ర్యామ్‌లో ఒక జీబీ ఎటు పోతోందో కూడా ఇప్పుడే తెలిసింది. 32 బిట్ విండోస్‌కు అంత ర్యామ్ పూర్తిగా వాడుకోవడం చేతకాదు. పరీక్ష సాఫ్ట్‌వేర్ 64 బిట్‌ది. 32 బిట్ విండోస్ మీద అది నడవదు. ఎన్నిసార్లు దించినా అదే నీలం పెట్టె వస్తుంది.

ఆ ల్యాప్‌టాప్ సెకండ్‌హ్యాండ్‌ది. తొమ్మిదిన్నర వేలు. కాశీబుగ్గ బస్టాండు దగ్గర జిరాక్సు షాపు నడిపే గణేష్ ఇప్పించాడు. ఆ డబ్బు అమ్మ జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టి, పప్పు మీద పొట్టు తీసి దాచింది. పిక్క పెంకులో ఉండే జీడి రసం తగిలి అమ్మ వేళ్ల కొసలు ఎప్పుడూ నల్లగానే ఉంటాయి. ఎంత కడిగినా పోదు. నాన్న హైదరాబాద్‌లో తాపీ పనికి వెళ్లి ఎనిమిది నెలలైంది. రాత్రి పూట ఫోన్ చేసినప్పుడల్లా పరీక్ష ఎప్పుడని అడుగుతాడు. ఈ రాత్రి మాత్రం ఆయనకు చెప్పకూడదనుకుంది ఝాన్సీ. అంత దూరంలో ఉండి కంగారు పడటం తప్ప ఏం చేస్తాడు?

గణేష్ ఫోన్ ఎత్తాడు. వెనక ఎవరివో నవ్వులు, గిన్నెల చప్పుడు. శ్రీకాకుళంలో గృహప్రవేశానికి వెళ్లాడట.

ఝాన్సీ చెప్పిందంతా విన్నాడు. "తప్పు నాదే చెల్లీ" అన్నాడు. "అప్పుడు దాన్లో రెండు జీబీ ర్యామే ఉండేది. బరువు తక్కువని 32 వేశాను. తర్వాత ర్యామ్ పెంచాను గానీ విండోస్ మార్చలేదు."

"ఇప్పుడు అప్‌డేట్ చేస్తే అయిపోదా అన్నయ్యా?"

"అవ్వదు. 32 మీద 64 ఎక్కదు. సీ డ్రైవ్ మొత్తం చెరిపేసి కొత్తగా వెయ్యాలి. నా షాపులో, బల్ల సొరుగులో ఎర్ర పెన్‌డ్రైవ్ ఉంటుంది. దాన్లో 64 బిట్ విండోస్ ఉంది. తాళం మా అమ్మ దగ్గర తీసుకో. వేసేటప్పుడు ఫోన్ చెయ్యి, మేలుకునే ఉంటాను."

ఝాన్సీ లేచేసరికి అమ్మ అప్పటికే కంచాల మీద మూతలు పెట్టేసి, చీర కొంగు దోపుకుని గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో టార్చి.

"ఎక్కడికి వెళ్లాలో చెప్పు. మిగతాది దారిలో చెబుదువు గాని."

దారిలో ఝాన్సీ చెప్పింది. అమ్మకు బిట్లు తెలియవు. కానీ విన్నాక ఒక్కటే అడిగింది. "చెరిపేస్తే మళ్లీ రానివి ఏటేటి ఉన్నాయి దాన్లో?"

అది అడగాల్సిన ప్రశ్నే. ఆ కంగారులో ఝాన్సీకి తట్టలేదు. ప్రాజెక్టు రిపోర్టు డెస్క్‌టాప్ మీదే ఉంది. తమ్ముడి సర్టిఫికెట్ల స్కాన్లు, నాన్న వెళ్లేముందు రైల్వే స్టేషన్‌లో తీసుకున్న ఫొటోలు, అన్నీ సీ డ్రైవ్‌లోనే.

గణేష్ వాళ్లమ్మ తాళం ఇవ్వడమే కాదు, తనూ చెప్పులు వేసుకుని వచ్చింది. షట్టర్ సగం ఎత్తి ముగ్గురూ వంగి లోపలికి వెళ్లారు. ఎర్ర పెన్‌డ్రైవ్ సొరుగులో లేదు. లామినేషన్ మెషిన్ వెనక దొరికింది.

ఇంటికి వచ్చి, సీ డ్రైవ్‌లో ఉన్నవన్నీ డీ డ్రైవ్‌లోకి కాపీ పెట్టింది. సగం అయ్యేసరికి కరెంటు పోయింది.

ఆ ల్యాప్‌టాప్ బ్యాటరీ ఇరవై నిమిషాలు ఆగితే గొప్ప. విండోస్ వేస్తుండగా ఆరిపోతే పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. కాపీ పూర్తి కాగానే మూత వేసేసి చీకట్లో కూర్చుంది. అమ్మ విసనకర్రతో విసురుతూ పక్కనే కూర్చుంది. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. వీధి చివర కుక్కలు అరుస్తున్నాయి. ఇప్పుడు గనక కరెంటు రాకపోతే అన్న ఆలోచనను ఝాన్సీ పూర్తి చెయ్యలేదు. పూర్తి చేస్తే లేవలేనని తెలుసు.

పదకొండూ నలభైకి ఫ్యాను కదిలింది.

గణేష్‌కు వీడియో కాల్ చేసి ఫోన్‌ను చెంబుకు ఆనించి పెట్టింది. పెన్‌డ్రైవ్ గుచ్చి, ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూ F12 నొక్కింది. జాబితాలోంచి యూఎస్‌బీ ఎంచుకుంది. Custom: Install Windows only అన్నచోట గణేష్ ఆపాడు.

"ఇక్కడ జాగ్రత్త. పార్టిషన్లు కనబడతాయి. పేర్లు ఉండవు, సైజులే ఉంటాయి. ఏది సీ?"

మూడు వరుసలున్నాయి. ఒకటి చిన్నది. మిగతా రెండూ దాదాపు ఒకే సైజు. తప్పు వరుస మీద Format నొక్కితే ఇప్పుడే దాచిన ప్రాజెక్టు, ఫొటోలు అన్నీ పోతాయి. వేలు మౌస్ మీద వణికింది.

"ఖాళీ ఎంతుందో చూడు" అన్నాడు గణేష్. "డీలో ఇందాక ఎంత కాపీ చేశావు?"

సుమారు పదకొండు జీబీ. ఖాళీ స్థలం లెక్క వేసుకుంది. కాగితం మీద రాసి రెండుసార్లు తీసివేత చేసింది. Drive 0 Partition 2 సీ. గట్టిగా ఊపిరి పీల్చి నొక్కింది.

శాతాలు మెల్లగా పెరిగాయి. అమ్మ కంచం తెచ్చి ముద్దలు కలిపి నోటికి అందించింది. ఇరవై ఒక్క ఏళ్ల పిల్ల, వద్దనకుండా తింది.

ఒంటిగంటకు కొత్త డెస్క్‌టాప్ వచ్చింది. About తెరిచి చూసింది. 64-bit operating system. నవ్వుతూ ఫోన్ వైపు తిరిగింది. గణేష్ గోడకు ఆనుకుని నిద్రపోయాడు. లేపబుద్ధి కాక కాల్ కట్ చేసింది.

ఇక సాఫ్ట్‌వేర్ దించుదామని వైఫై కోసం చూస్తే ఆ గుర్తే లేదు. కొత్త విండోస్‌కు ఆ పాత వైఫై చిప్ డ్రైవర్ తెలియదు. డ్రైవర్ దించాలంటే నెట్ కావాలి. నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి.

ఆ క్షణంలో మాత్రం ఏడ్చింది. శబ్దం రాకుండా, రెండు నిమిషాలు. అమ్మ చూసి కూడా పలకరించలేదు, ఫోన్ చార్జింగ్ అయిపోతోందని వైరు తెచ్చి పక్కన పెట్టింది.

ఝాన్సీ ఆ వైరు వైపు చూసింది.

ఒక కొస ఫోన్‌కు, ఒక కొస ల్యాప్‌టాప్‌కు పెట్టింది. ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ కింద USB tethering ఆన్ చేసింది. గుండె ఆగినట్టయింది. తెర కింద మూల చిన్న కంప్యూటర్ బొమ్మ వెలిగింది. Connected. పన్నెండు దాటింది కాబట్టి ఫోన్‌లో కొత్త రోజు డేటా 1.5 జీబీ పూర్తిగా ఉంది. ముందు విండోస్ అప్‌డేట్లు డేటా తినెయ్యకుండా ఆపింది. తర్వాత ఫైలు దించింది.

రెండూ పదికి దాని మీద రెండుసార్లు నొక్కింది. నీలం పెట్టె రాలేదు. Install అని బటన్ వచ్చింది.

పొద్దున్న తొమ్మిదీ నలభై అయిదుకు ఝాన్సీ తలస్నానం చేసి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. ఫోన్ వైరుతోనే కలిపి ఉంది. సాఫ్ట్‌వేర్ ఆమె ముఖం ఫొటో తీసుకుంది, కాలేజీ ఐడీ చూపించమంది. ల్యాప్‌టాప్ ఎత్తి గది నాలుగు మూలలూ చూపించమంది. తర్వాత ఇంకో వాక్యం వచ్చింది. పరీక్ష ముగిసేదాకా గదిలో మీరు తప్ప ఎవరూ ఉండకూడదు.

రాత్రంతా పక్కన కూర్చున్న అమ్మ టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఉంది.

"నేనుండకూడదా?"

"ఉండకూడదటమ్మా."

"అలాగే" అంది అమ్మ. గ్లాసు కిటికీలో పెట్టి, నల్లబడిన వేళ్లతో తలుపు దగ్గరికి లాగి, బయట అరుగు మీద కూర్చుంది.

తెర మీద గడియారం వెనక్కి లెక్క పెడుతోంది. వీధి మొదట్లో చేపలమ్మే అతని కేక వినిపించింది. దగ్గరవుతోంది. మైకు ఆన్‌లో ఉంది. అంతలో తలుపు అవతల అమ్మ గొంతు, బాగా తగ్గించి.

"అన్నయ్యా, కేకెయ్యకు. మా పిల్ల పరీక్ష రాస్తంది."

సైకిల్ చప్పుడు మెల్లగా ఇల్లు దాటిపోయింది. మొదటి ప్రశ్న తెర మీదకు వచ్చింది.