ఐదు నిమిషాల్లో హనుమంతవాక

ఎవరెవరింట్లో ఇన్వర్టర్ ఉందో చేతులెత్తండి. సరే దించండి, ఎత్తినవాళ్లలో సగం మంది దాని బ్యాటరీలో నీళ్లు పోసి ఏడాది అయ్యుంటుంది, నాకు తెలుసు.

మాది ఎంవీపీ కాలనీ. సముద్రం దగ్గరే, గాలి వస్తుందనే చెప్పి ఫ్లాట్ అమ్మారు. మే నెలలో వచ్చేది గాలి కాదండీ, ఆవిరి. ఇడ్లీ పాత్రలో ఇడ్లీకి ఎలా ఉంటుందో విశాఖలో కరెంటు పోయాక మనకి అలా ఉంటుంది.

ఇదివరకు కరెంటు పోతే ముందు బాల్కనీలోకి పరిగెత్తి "మీకూ పోయిందా?" అని అడిగేవాళ్లం. పోయిందంటే ఎంత హాయో! హుద్‌హుద్ అప్పుడు, 2014లో, రోజుల తరబడి కరెంటు లేకపోయినా ఊరంతా ఒకే చీకట్లో ఉన్నామని ఒక తృప్తి ఉండేది. ఇప్పుడు ఆ సుఖం కూడా లేదు. అందరిళ్లలో ఇన్వర్టర్లే, ఎవరికి పోయిందో ఎవరికి ఉందో తెలిసి చావదు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం 2 గంటలకి పోయింది. ఇన్వర్టర్ కుయ్ మంది, ఫ్యాన్ ఒక్క క్షణం ఆగి మళ్లీ తిరిగింది. అంతే, మా నాన్నగారు ఇంట్లో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. "టీవీ కట్టేయండి! హాల్లో లైటెందుకు? ఆ ఫోను ఛార్జింగ్ తీయ్!" ఆయన రిటైరైంది లెక్కల మాస్టారుగా, అదీ మా ఖర్మ. "150 ఏహెచ్ బ్యాటరీ, 12 ఓల్టులు, అంటే 1800. ఫ్యాను 75 వాట్లు, మూడు ఫ్యాన్లు 225. ఎనిమిది గంటలు రావాలి, నష్టాలు పోను ఆరు" అని పాలప్యాకెట్ కవరు మీద రాసి చూపించారు. అందరం ఒకే గదిలో, ఒకే ఫ్యాను కింద, పెళ్లి ఫొటోలో లాగ సర్దుకుని కూర్చున్నాం. ఇక ఆరేమిటి, పొద్దున్న దాకా వస్తుందన్నారు.

నాలుగు గంటలకి చచ్చింది.

ఆ లెక్క కొత్త బ్యాటరీది నాన్నా అంటే వినరే! ఇన్వర్టరే పాడైందని తేల్చి ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేయించారు. "ఐదు నిమిషాలు సార్, హనుమంతవాకలో ఉన్నా" అన్నాడు. హనుమంతవాక నుంచి మాకు బండి మీద పది నిమిషాలు. ఐదున్నరకి చేస్తే "సార్, హనుమంతవాక". ఆరింటికి చేస్తే "జంక్షన్ దాటేశా సార్". ఏ జంక్షనో అడగలేదు, గాజువాక అంటాడేమోనని భయం.

ఈలోగా మా ఆవిడ బాల్కనీలో నిలబడి "ఏవండీ, ఎదురింటి ఏసీ బయట డబ్బా తిరుగుతోంది, వాళ్లకి కరెంటు ఉందేమో" అంది. నాన్నగారు కళ్లద్దాలు సర్దుకుని, "వాళ్లది పెద్ద ఇన్వర్టర్ అయ్యుంటుంది" అన్నారు. నేనూ తలూపా. నేను ఇంజనీరింగ్ చదివాను, ఈ విషయం ఇక్కడే ఉండనీయండి.

ఏడుంపావుకి వచ్చాడు మహానుభావుడు. అమ్మ ఆ చీకట్లోనే టీ పెట్టింది. టీ తాగాడు, ఇన్వర్టర్ వైపు కన్నెత్తి చూడలేదు. నేరుగా తలుపు పక్కన మెయిన్ డబ్బా తెరిచి, ఒక్క వేలితో, చిటికెన వేలితో కూడా కాదు గానీ దాదాపు అంతే, ఎంసీబీ పైకెత్తాడు. ఇల్లంతా వెలుగు.

"మధ్యాహ్నం రెండుంబావుకే వచ్చేసింది సార్ కరెంటు. ఏసీ స్విచ్ ఆన్‌లోనే వదిలేశారా? వచ్చీ రాగానే లోడంతా ఒక్కసారి పడి ట్రిప్ అయ్యింటాది." ఐదు గంటల క్రితమే మా కాలనీకి కరెంటు వచ్చింది, మేం మాత్రం ఇంట్లో త్యాగాలు చేస్తున్నాం! పైగా బ్యాటరీ మూత తీసి టార్చి కొట్టి, "ఇందులో నీళ్లు ఎప్పుడు పోశారు?" అన్నాడు. నేను నాన్నగారి వైపు చూశా, ఆయన మా ఆవిడ వైపు చూశారు, మా ఆవిడ గోడ మీద దేవుడి పటం వైపు చూసింది.

"మూడొందలు సార్." ఒక్క వేలికి మూడొందలు. ఇచ్చా. లిఫ్టు దాకా వెళ్లి సాగనంపా కూడా.

లిఫ్టు తలుపు మూసుకుంది, కరెంటు పోయింది. ఈసారి నిజంగా, కాలనీ మొత్తానికి. మా అపార్ట్‌మెంటుకి జనరేటర్ ఉంది, డీజిలే లేదు, ఎవరు ఎంత వేసుకోవాలని వాట్సాప్ గ్రూపులో ఉగాది నుంచి చర్చ నడుస్తోంది. ఫోన్ మోగింది.

"సార్, రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఇరుక్కుపోయాను, కాస్త వాచ్‌మన్‌ని తాళం పట్టుకు రమ్మనండి సార్!"

"ఐదు నిమిషాలు బాబూ," అన్నా, "హనుమంతవాకలో ఉన్నాడు."