గ్రంథసూచి మీద గమనిక: రెండో చిత్తుప్రతి

అమ్మా,

చెరువుల మీద నీ సిద్ధాంత గ్రంథానికి నువ్వు ఇచ్చిన గ్రంథసూచిని నిన్న పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో నెల్లూరు నుంచి చీరాల వరకు చదివాను. ఎర్ర పెన్ను ఒంగోలు దగ్గరే అయిపోయింది, మిగిలింది పెన్సిలుతో దిద్దాను. అధ్యాయాలు బాగా వచ్చాయి, కనిగిరి రిజర్వాయరు భాగం నాకు బాగా నచ్చింది. కానీ పరీక్షకులు ముందు చివరి పేజీలే తిప్పుతారు. అక్కడ పేర్లు తప్పితే చెరువుల లెక్కలనూ అనుమానిస్తారు. అందుకే కాస్త గట్టిగానే రాస్తున్నాను.

అన్నిటికంటే ఎక్కువగా తప్పినవి పేర్లు. రెండో అధ్యాయంలో (చెట్టి, 1886) అని ఉంది, రెండు పేజీల తర్వాత (చెట్టి, 1905) అని ఉంది. గ్రంథసూచిలో ఇద్దరూ ఒకే పేరు కింద ఒకరి పక్కన ఒకరు కూర్చున్నారు. చదివినవాళ్లు ఒకే మనిషి పంతొమ్మిదేళ్ల తేడాతో రెండు పుస్తకాలు రాశారనుకుంటారు. 1886 నాటి కర్నూలు జిల్లా మాన్యువల్ రాసింది నరహరి గోపాలకృష్ణమ చెట్టి. 1905లో అలన్ బటర్‌వర్త్‌తో కలిసి నెల్లూరు జిల్లా శాసనాలను సంపుటాలుగా తెచ్చింది వి. వేణుగోపాల్ చెట్టి. ‘చెట్టి’ ఇద్దరికీ ఇంటిపేరు కాదు. మొదటి ఆయన నరహరి కింద, అంటే ‘న’లో రావాలి. రెండో ఆయన పొడి అక్షరానికి పూర్తిరూపం మనకు తెలియదు కాబట్టి ‘వేణుగోపాల్ చెట్టి, వి.’ అని రాయి. తెలియని ఇంటిపేరును ఊహించి పూరించవద్దు. ఆయన పేరునే నువ్వు వేణుగోపాల్, వేణుగోపాలు, వేణుగోపాల అని మూడు రకాలుగా రాశావు. పుస్తకం ముఖపత్రం మీద ఎలా ఉందో చూసి ఒక్కదానికి కట్టుబడు.

ఇది నీ తప్పు కాదని నాకు తెలుసు, జొటీరో చేసిన పని. ఆ సాఫ్ట్‌వేర్ పేరులోని చివరి మాటను ఇంటిపేరుగా తీసుకుంటుంది. అందుకే నీ సూచిలో తొమ్మిదిమంది రెడ్లు, ఆరుగురు రావులు, ఒక శాస్త్రి వరసగా నిలబడ్డారు. మన పేర్లను రెండు గడుల్లో కాకుండా ఒకే గడిలో రాసే వీలు అందులోనే ఉంది. తెలుగు రచయితలందరికీ అది వాడి, ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత రాయి. ఆంగ్లేయులకు మాత్రం మామూలు పద్ధతే.

ఇక సంవత్సరాలు. బాస్వెల్ నెల్లూరు జిల్లా మాన్యువల్ అచ్చయింది 1873లో. నీ సూచిలో 2016 అని ఉంది. అది ఎవరో స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టిన సంవత్సరం. దాంతో మూడో అధ్యాయంలో ‘బాస్వెల్ (2016) ఆనాటి చెరువుల దుస్థితిని స్వయంగా చూసి రాశారు’ అనే వాక్యం తయారైంది. రైల్లో పక్కన కూర్చున్నాయన నేనెందుకు నవ్వానని అడిగారు. మొదటి ముద్రణ సంవత్సరమే ప్రధానం. పునర్ముద్రణ చూసి ఉంటే రెండూ ఇవ్వు. స్కాన్ ఉంచిన వెబ్‌సైటు ప్రచురణకర్త కాదు, ప్రచురణకర్త మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం. ఇలాంటిదే ఇంకొకటి: రెండు పాత పుస్తకాలకు ‘వేటపాలెం: సారస్వత నికేతనం’ అని ప్రచురణకర్తగా రాశావు. అది గ్రంథాలయం ముద్ర తల్లీ! నువ్వు అక్కడ కూర్చుని చదివావన్న మాట నిజమే, దానికి కృతజ్ఞతల పేజీ ఉంది.

జిల్లా పేర్ల విషయంలో నువ్వు పడిన చిక్కు ఈ ప్రాంతం మీద పనిచేసే వాళ్లందరికీ వస్తుంది. కంభం చెరువును తర్వాత వచ్చిన జిల్లా ప్రకారం చూసి, ఆధారాన్ని ‘ప్రకాశం జిల్లా మాన్యువల్, 1886’ అని రాశావు. ప్రకాశం జిల్లా ఏర్పడిందే 1970లో, గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల ముక్కలతో. అప్పుడు దాని పేరు ఒంగోలు జిల్లా, ప్రకాశం పేరు వచ్చింది 1972లో. 1886లో కంభం కర్నూలు జిల్లా. పుస్తకం పేరును ఎవరి సౌకర్యం కోసమూ మార్చకూడదు. 1961 జనాభా లెక్కల పుస్తకానికీ ఇదే జరిగింది. కందుకూరు తాలూకా వివరాలు అందులో నెల్లూరు కింద ఉంటాయి, సూచిలోనూ అలాగే ఉండాలి. ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో చెప్పాలనుకుంటే పాదసూచికలో చెప్పు. 2022లో జరిగిన జిల్లాల మార్పుల సంగతి పీఠికలో ఒక పేరా చాలు.

శాసనాలకు పేజీ సంఖ్య ఒక్కటే ఇస్తే ఎవరికీ దొరకవు. బటర్‌వర్త్ సంపుటాల్లో శాసనాలు తాలూకాల వారీగా ఉన్నాయి. ‘కందుకూరు’ అని, దాని పక్కన శాసనం సంఖ్య ఇవ్వు. దక్షిణ భారత శాసనాలు పదో సంపుటానికి శాసనం సంఖ్య, ఎపిగ్రాఫియా ఇండికాకు వ్యాసకర్త పేరు తప్పనిసరి. పోరుమామిళ్ల చెరువు శాసనం దగ్గర నువ్వు ‘ఎపిగ్రాఫియా ఇండికా, 14’ అని వదిలేశావు. అక్కడ వ్యాసం రాసింది సుక్తంకర్. శాసనం వేయించిన రాజు పేరును రచయితగా పెట్టిన చోటు కూడా ఒకటి కనిపించింది, దాని గురించి ఇంతకంటే రాయను.

ప్రభుత్వ ఉత్తర్వుల్లో సంఖ్య ఒక్కటే ఉంది. ప్రతి శాఖకూ ప్రతి ఏడూ సంఖ్యలు మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి. శాఖ, ఎం.ఎస్.నా ఆర్.టి.నా, తేదీ లేకుండా జి.ఓ. సంఖ్య ఇస్తే ఆర్కైవ్స్‌లో కట్ట విప్పే మనిషి కూడా ఏమీ చేయలేడు.

చిన్నవి గబగబా చెబుతాను. పాఠంలో పేర్కొన్న పదిహేడు రచనలు సూచిలో లేవు. సూచిలో ఉన్న ఇరవై మూడింటిని పాఠంలో ఎక్కడా వాడలేదు. రెండో రకం వాటిని మొహమాటం లేకుండా తీసేయి. చదివాననిపించుకోవడానికి సూచి పెంచే అలవాటు మా తరంతో పోవాలి. వ్యాస సంకలనాల్లోని వ్యాసాలకు సంపాదకుడి పేరు, పేజీలు లేవు. ఒకే రచయిత ఒకే ఏడాది రాసినవి రెండు ఉంటే 1968అ, 1968ఆ అని విడదీయి. ఇంటర్నెట్ లంకెల్లో నాలుగు గూగుల్ వెతుకులాట పేజీకి పోతున్నాయి, వ్యాసానికి కాదు. డి.ఓ.ఐ. ఉన్నచోట https://doi.org/ తో మొదలయ్యే రూపమే ఇవ్వు, చివర పూర్ణవిరామం తగిలించకు, లంకె చెడుతుంది. తెలుగువి ఒక పట్టిక, ఇంగ్లీషువి ఒక పట్టిక.

ఒక్క విషయంలో మాత్రం రాజీ లేదు. ఐదో అధ్యాయంలో రెవెన్యూ బోర్డు ప్రొసీడింగ్స్ నుంచి ఇచ్చిన రెండు ఉల్లేఖనలు నువ్వు చూసినవి కావు, వేరొకరి వ్యాసం నుంచి తెచ్చినవి. ఆ వ్యాసంలో ఉన్న అచ్చుతప్పు నీ దగ్గరా ఉంది కనుక తెలిసింది. అసలు పత్రం చూడకపోతే ‘ఫలానా వారి వ్యాసంలో ఉదహరించినది’ అని రాయి, సూచిలో ఆ వ్యాసాన్నే ఉంచు. చూడగలిగితే ఇంకా మంచిది.

కంప్యూటర్‌లో దిద్దే ముందు కాగితం మీద ఒక పని చెయ్యి. అధ్యాయాలు తిరగేస్తూ బ్రాకెట్లో కనిపించిన ప్రతి పేరుకూ సూచిలో పెన్సిలుతో టిక్కు పెట్టు. రెండు పూటల పని. వచ్చే శనివారం పది గంటలకు టిక్కులున్న ప్రతినే తీసుకురా, శుభ్రంగా టైపు చేసింది వద్దు. బాస్వెల్ ముఖపత్రం ఫోటో కూడా ఫోనులో తెచ్చుకో, ఆ పేరులో పొడి అక్షరాల వరస నాకూ ఒకసారి చూడాలని ఉంది.