రెండో అట్టు

విశాఖ బీచ్‌రోడ్డు హోటల్లో జపాన్ మామ్మగారు ప్లేటు పట్టుకుని నేరుగా వంటగదిలోకే వచ్చింది. పెసరట్టు చూపించి కనుబొమలెగరేసింది.

వంటమాస్టరు గ్లాసుతో కొలిచాడు: పెసలు రెండు గ్లాసులు, బియ్యం గుప్పెడు. అవి నానాలని గోడ గడియారం మీద ఆరు గంటలు వేలితో తిప్పాడు. ముందే నానిన పప్పులో అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు వేసి రుబ్బాడు. పులియనివ్వొద్దని చెప్పడానికి గిన్నె వాసన చూసి ముక్కు మూసుకున్నాడు. ఆవిడ పకపకా నవ్వింది.

ఆవిడ వేసిన మొదటి అట్టు గరిటెకే చుట్టుకుంది. పెనం మరీ కాలిపోయింది మరి! అతను నీళ్లు చిలకరించి, చుయ్‌మన్నాక గుడ్డతో తుడిచి, “ఇప్పుడెయ్యండి, మామ్మగారూ” అన్నాడు. రెండోది పల్చగా పరుచుకుంది. ఉల్లిముక్కలు చల్లబోతే ఆవిడ చెయ్యి అడ్డుపెట్టి, సంచిలోంచి వేయించిన నువ్వుల పొట్లం తీసింది.

అతను అంచు తుంచి నమిలాడు. పొట్లం కోసం చెయ్యి చాచాడు.