ఐదు ఆవుల కొట్టానికి ఖర్చు అంచనా: లీటరు పాలు మనకు ఎంతకు పడతాయి

అల్లుడూ,

నువ్వు అడిగిన లెక్క రాసి పంపుతున్నాను. పలమనేరు చుట్టుపక్కల ఇప్పుడు నడుస్తున్న ధరలతోనే వేశాను. మీకున్న ఎకరా, బోరు, చేతిలో ఉన్న 2,70,000, బ్యాంకులో అడుగుతానన్న 4,00,000 అన్నీ లెక్కలోకి తీసుకున్నాను. అక్కకూ బావకూ కూడా చదివి వినిపించు. పొద్దున్నే లేచి పేడ ఎత్తేది వాళ్ళే కాబట్టి వాళ్ళ మాట కూడా కావాలి.

మొదట పెట్టాల్సిన డబ్బు

కొట్టం 30 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు ఉంటే ఐదు ఆవులకూ దూడలకూ సరిపోతుంది. ఇనుప పైపులు, రేకు కప్పు, గరుకు సిమెంటు నేల, ఇటుకల మేతతొట్టి అన్నీ కలిపి చదరపు అడుగుకు 250 చొప్పున 1,20,000. నీళ్ళ తొట్టి, మూత్రం పోయే కాలువ, గుంత 15,000. రెండు హార్స్‌పవర్ మోటారుతో గడ్డి కత్తిరించే మిషన్ 28,000. ఆవుల కింద పరిచే రబ్బరు మ్యాట్లు ఐదు, 13,000. క్యాన్లు, బకెట్లు, గొలుసులు 6,000. వైరింగు, రెండు ఫ్యాన్లు 8,000. అర ఎకరంలో సూపర్ నేపియర్ గడ్డి నాటడానికి దుక్కి, ఎరువు, కణుపులు కలిపి 10,000. ఇవన్నీ 2,00,000.

ఆవులు ఐదు, ఒక్కోటి 80,000 చొప్పున 4,00,000. తోలకానికి 7,500. చేతిలో ఉంచుకోవాల్సింది 62,500. మొత్తం 6,70,000.

పాలు పితికే మిషన్ కావాలని రాశావు. ఐదు ఆవులకు అవసరం లేదు, ఆ డబ్బు గడ్డి మీద పెట్టు. మ్యాట్లు మాత్రం తీసేయొద్దు. సిమెంటు మీద పడుకుని పడుకుని మోకాళ్ళు వాచిన ఆవు సరిగా పడుకోదు, పడుకోని ఆవు పాలు తగ్గిస్తుంది. ఫ్యాన్లు రెండే చాలు. మన వైపు చల్లగా ఉంటుంది కాబట్టి హోల్‌స్టీన్ ఫ్రీజియన్, అంటే హెచ్‌ఎఫ్ సంకరం ఆవులు తట్టుకుంటాయి. తిరుపతి, శ్రీకాళహస్తి వైపు ఎండకైతే నేను జెర్సీ సంకరమే కొనమనేవాణ్ణి.

ఆవును ఎలా చూడాలి

80,000 పెట్టే ఆవు రెండో ఈతదై ఉండాలి, ఈని నెల లోపు ఉండాలి, పూటకు ఎనిమిది లీటర్ల చొప్పున రోజుకు 16 ఇవ్వాలి. సంతలో పొదుగు నిండుగా ఉందని మురిసిపోవద్దు. ఒక పూట పితక్కుండా తోలుకొస్తే ఏ పొదుగైనా అలాగే కనిపిస్తుంది. అమ్మేవాళ్ళ ఇంటికే వెళ్ళి, సాయంత్రం ఎదురుగా పితికించు, రాత్రి ఆ ఊళ్ళోనే ఉండి తెల్లవారి మళ్ళీ పితికించు. రెండు పూటలూ కొలుచుకో. నాలుగు చన్నుల మొదటి ధారలు విడివిడిగా నల్లగుడ్డ మీద పిండి చూడు. తరకలు కనిపిస్తే పొదుగువాపు ఉన్నట్టే, ధర ఎంత తగ్గించినా వద్దు. పొదుగు ఖాళీ అయ్యాక మెత్తగా ముడుచుకోవాలి, లోపల గడ్డలు చేతికి తగలకూడదు.

రోజూ ఎన్ని లీటర్లు

ఇక్కడే అందరి లెక్కా తప్పుతుంది. ఐదు ఆవులు, పదహారు లీటర్లు, రోజుకు ఎనభై అని వేస్తారు. ఆ ఎనభై ఎక్కువ రోజులు నిలవదు. ఆవు పది నెలలు పాలిచ్చి నాలుగు నెలలు వట్టిపోతుంది. 16తో మొదలైనా చివరికి ఆరుకో ఏడుకో దిగుతుంది కాబట్టి ఈత మొత్తానికి సగటు 11.5 అని పెట్టుకో. 305 రోజులకు సుమారు 3,510 లీటర్లు. దూడకు రోజుకు రెండున్నర లీటర్ల చొప్పున రెండున్నర నెలలు వదలాలి. అది తీసేస్తే ఆవుకు 3,320. ఐదింటికీ 16,600, దాన్ని 14 నెలలకు, అంటే 425 రోజులకు పంచితే రోజుకు 39 లీటర్లు. ఇంట్లో తాగే పాలు కూడా ఇందులోవే. కింది లెక్కంతా ఈ 39 మీదే నడుస్తుంది.

మేత

ఏ రోజు చూసినా సగటున మూడున్నర ఆవులు పాలమీద, ఒకటిన్నర వట్టిగా ఉంటాయి. పాలిచ్చే ఆవుకు ఒంటికి కిలోన్నర, ప్రతి రెండున్నర లీటర్లకు ఇంకో కిలో దాణా కావాలి. వట్టి ఆవుకు రెండు కిలోలు, దూడలన్నిటికీ కలిపి రెండు కిలోలు. అన్నీ కలిపితే రోజుకు 27 కిలోలు. యాభై కిలోల బస్తా 1,400, కిలో 28.

దాణా 27 కిలోలు: 756
పచ్చగడ్డి 120 కిలోలు, కిలో 1.50: 180
ఎండుగడ్డి 25 కిలోలు, కిలో 7: 175
ఖనిజ లవణాల మిశ్రమం, ఉప్పు: 35
మేత మొత్తం రోజుకు 1,146. లీటరుకు 29.40.

బస్తా మీద 50 రూపాయలు పెరిగితే లీటరుకు 70 పైసలు పెరుగుతుంది. పచ్చగడ్డి సొంతంగా పండించుకుంటేనే కిలో రూపాయిన్నర. కొంటే మూడు, నాలుగు పెట్టాలి. అప్పుడు ఒక్క గడ్డి మీదే లీటరుకు ఐదు నుంచి ఎనిమిది రూపాయల దాకా ఎక్కువవుతుంది. అర ఎకరం నేపియర్‌కు నీళ్ళు, పేడ తగ్గకుండా ఇస్తే ఏడాదికి 45 టన్నులు వస్తుంది, అంటే రోజుకు 120 కిలోలు. వేరుశనగ కట్టె దొరికే రోజుల్లో డబ్బు చూసుకోకుండా నిల్వ చేసుకో, వరిగడ్డి కంటే ఎంతో బలం. చెరుకు ఆకు నరికే కాలంలో చవగ్గా దొరుకుతుంది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీల తొక్కు మాత్రం ఉచితంగా వచ్చినా కుప్పలుగా పెట్టొద్దు. పొట్ట పులిసిపోయి ఆవు మేత మానేస్తుంది.

కూలీ, మందులు, మిగతావి

కూలీ: ఇద్దరు మనుషులు పొద్దున, సాయంత్రం కలిపి పని చేస్తారు. బయటివాళ్ళకు ఇవ్వకపోయినా రోజుకు 300 రాశాను. అక్క, బావ చేతులు ఊరికే వచ్చినవి కావు.
మందులు: ఆవుకు ఏడాదికి 3,000, రోజుకు 41
బీమా: ఆవుకు 3,200, రోజుకు 44
కరెంటు, సబ్బు, చిన్న రిపేర్లు: 30

గాలికుంటు టీకా ప్రభుత్వం ఆర్నెల్లకోసారి ఉచితంగా వేస్తుంది, తప్పించుకోవద్దు. పెయ్యదూడలకు నాలుగో నెల నుంచి ఎనిమిదో నెల లోపు ఈసుకుపోయే రోగానికి, అంటే బ్రూసెల్లాకు టీకా వేయించాలి. నట్టల మందు, పిడుదుల మందు, చూడి కట్టడానికి సూది వేయించడం, ఈనాక కాల్షియం, ఎప్పుడైనా పొదుగువాపుకు ఇంజెక్షన్లు, ఇవే ఆ 3,000. పిడుదులను వదిలేస్తే థైలేరియా జ్వరం వస్తుంది. దాని ఇంజెక్షన్ ఒక్కటే ఏడాది మందుల ఖర్చును తారుమారు చేస్తుంది. ఆవుకు ఇబ్బందైతే 1962కు ఫోన్ చెయ్యి, పశువుల అంబులెన్స్ నంబరు అది.

బీమా తీసుకున్నాక చెవి పోగు ఊడిపోతే వెంటనే మళ్ళీ వేయించు. పోగు లేకపోతే క్లెయిమ్ లేదు.

అప్పు, తరుగుదల

4,00,000 మీద పదిన్నర శాతం అనుకుంటే మొదటి ఏడాది వడ్డీ 39,000, రోజుకు 107. కొట్టం, సామాను పదేళ్ళు వస్తాయి, ఏడాదికి 20,000. ఆవు 80,000కు కొని ఐదేళ్ళ తర్వాత 30,000కు అమ్మితే ఐదింటికీ ఏడాదికి 50,000 తరుగు. రెండూ కలిపి రోజుకు 192.

లీటరు లెక్క

జేబులోంచి పోయేది: 1,261, లీటరుకు 32.30
ఇంటి కూలీ కలిపితే: 1,561, లీటరుకు 40
వడ్డీ, తరుగుదల కూడా కలిపితే: 1,860, లీటరుకు 47.70
పేడకు ఏడాదికి 36,000, రెండు పెయ్యలకు 30,000 వస్తాయనుకుని రోజుకు 181 తీసేస్తే: 1,679, లీటరుకు 43

పాల కేంద్రంలో 4 శాతం ఫ్యాట్, అంటే వెన్న, 8.5 శాతం ఎస్ఎన్ఎఫ్, అంటే వెన్న కాక మిగిలిన గట్టి పదార్థం ఉన్న పాలకు లీటరుకు 38 చేతికొస్తోంది. అంటే రోజుకు 1,482. లెక్కకు 197 తక్కువ. మనం కూలీ 300 రాసుకున్నాం కదా, నిజంగా చేతికి అందే కూలీ వంద రూపాయలే. నెలవారీగా చూసినా అంతే. పాల డబ్బు 44,460, జేబు ఖర్చు 37,830, పేడ మీద 3,000, మిగిలేది 9,630. ఐదేళ్ళ అప్పుకు నెల కంతు 8,600.

అందుకే 4,00,000 అప్పుతో ఐదు ఆవులు ఒక్కసారే కొనొద్దని నా మాట. కొట్టం ఐదింటికే కట్టు, ఆవులు మూడే కొను. కొట్టానికి 2,00,000, ఆవులకు 2,40,000, తోలకానికి 4,500, చేతిలో 40,000, మొత్తం 4,84,500. అప్పు 2,14,500 చాలు, కంతు 4,600. మూడూ కొత్తగా ఈనినవే కాబట్టి మొదటి ఆర్నెల్లు కంతు పోగా నెలకు 8,000 దాకా మిగులుతుంది. అది లాభం అనుకుని టీవీ కొనేయొద్దు. ఎనిమిది, తొమ్మిది నెలలకు ఆ డబ్బు నాలుగో ఆవు ధరకు దగ్గరగా చేరుతుంది. ఐదోది అందుకు కొన్నాళ్ళ తర్వాత. అలా విడివిడిగా కొంటే అన్నీ ఒకేసారి వట్టిపోవు, కేంద్రంలో నీ పేరు మీద పాలు ఏ నెలా ఆగవు. మేతకు తిప్పుకునే డబ్బుకు పశువుల కిసాన్ క్రెడిట్ కార్డు అడుగు. 2,00,000 దాకా సకాలంలో కడితే వడ్డీ 4 శాతమే పడుతుంది.

లీటరు ఖర్చు తగ్గేది ఎద పట్టుకోవడంలో. వట్టి ఆవు మేతకే రోజుకు 130 అవుతుంది. ఒక ఎద గమనించకుండా వదిలేస్తే 21 రోజులు, 2,730 రూపాయలు. ఈనాక అరవై రోజులు దాటిన దగ్గర్నుంచి తెల్లవారుజామున, రాత్రి పడుకునే ముందు కొట్టంలోకి వెళ్ళి నిలబడి చూడాలి. తీగలా సాగే జిగురు, అరుపు, పక్క ఆవు మీదకు ఎక్కడం, ఉన్నట్టుండి పాలు తగ్గడం. పొద్దున కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున చూడి సూది వేయించు. తేదీలు క్యాలెండరు మీద రాసే పని నీ చెల్లెలికి అప్పజెప్పు, తను మరిచిపోదు.

పలమనేరులో ఎనిమిది ఇళ్ళకు లీటరు చొప్పున 55కు పోయగలిగితే పెట్రోలు పోను రోజుకు ఇంకో వంద వస్తుంది. అప్పుడు కూలీ 200 అవుతుంది. నీ బండి మీద రోజూ కాలేజీకి వెళ్ళే దారే కాబట్టి నువ్వు పోయగలవు. కానీ ఒక్కరోజు కూడా ఆలస్యం కాకూడదు, నీళ్ళు కలపకూడదు.

ఇప్పుడు మొదట చేయాల్సింది గడ్డి నాటడం. మొదటి కోతకు డెబ్బై ఐదు రోజులు పడుతుంది. ఆ లోపు కొట్టం లేస్తుంది, బ్యాంకు కాగితాలు అయిపోతాయి. గడ్డి మోకాలి పైకి వచ్చాక ఫోన్ చెయ్యి, ఆవులు చూడ్డానికి నేను వస్తాను. అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వొద్దు.

మీ మామ