పార్వతీపురం ఫ్రిజ్ రివ్యూ: యజమాని గారికి సంక్షిప్త నివేదిక

మన రాయగడ షాపు పేజీలో పార్వతీపురం కస్టమర్ ఒకరు ఒక్క స్టార్ ఇచ్చి జూన్ 7న పెట్టిన రివ్యూను మూడుసార్లు చదివాను. అందులో సగానికి పైగా తిట్లే. ఆ కోపాన్ని పక్కన పెడితే మిగిలే విషయం ఇది.

అసలు సమస్య ఫ్రిజ్ చెడిపోవడం కాదు, వారంటీ ఉండి కూడా దానిని బాగుచేసే దిక్కు లేకపోవడం. బిల్లులోని సీరియల్ నంబరు ఫ్రిజ్ వెనుక స్టిక్కరుతో కలవడం లేదని సర్వీసు సెంటరు వారు తిప్పి పంపగా, మనవాళ్లు మళ్లీ సర్వీసు సెంటరుకే వెళ్లమన్నారు. అందుకే తనకు పాత సరుకు అంటగట్టామని ఆయన అనుమానిస్తున్నారు.

ఆయన చెబుతున్న ప్రకారం, కూతురి సారె కోసం మే 9న 24,500 రూపాయలకు ఫ్రిజ్ కొన్నారు. డెలివరీ ఉచితమని చెప్పి 900 రూపాయలు తీసుకున్నాం. మే 27 నుంచి చల్లబడటం లేదు. మన షాపుకు నాలుగుసార్లు ఫోన్ చేస్తే, నాలుగోసారి "కేసు పెట్టాలంటే రాయగడ రావాల్సిందే" అని మన కుర్రాడు అన్నాడు. తలుపు మీద సొట్ట గురించి కూడా రాశారు గాని, ఫొటో పెట్టలేదు.

నేను సరిచూడగలిగినవి రెండే. ఆయన పెట్టిన స్టిక్కరు ఫొటోలో చివరి అంకె 3, మన బిల్లులో 8. గోడౌను రిజిస్టరులోనూ 3 అనే ఉంది కనుక తప్పు మన కౌంటరుదే. ఇక డెలివరీ విషయానికి వస్తే, మన ఫ్లెక్సీ మీద ఒడియా వరుసలో "పట్టణంలో ఉచితం" అని ఉండగా, కింది తెలుగు వరుసలో "పట్టణంలో" అన్న మాటే లేదు. తెలుగు చదివే మనిషి దానిని నమ్మడంలో వింత లేదు. ఫోన్ మాటలకు రుజువు లేదు. అయితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొనుగోలుదారు తాను నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు కనుక, కుర్రాడు ఆ మాట అని ఉంటే అది తప్పు.

రివ్యూ చివర, తిట్ల మధ్య, "నాకు డబ్బు వాపసు వద్దు, చల్లబడే ఫ్రిజ్ కావాలి" అని ఒక వాక్యం ఉంది. దీనిని బట్టి నంబరు సరిదిద్దిన బిల్లును ఈ రోజే ఆయనకు పంపి, అదే కాపీతో కంపెనీలో మనమే ఫిర్యాదు నమోదు చేయించి, మెకానిక్ వచ్చే తేదీని ఆయనకు ఫోన్‌లో చెబితే గొడవ చాలావరకు తీరుతుంది. 900 రూపాయలు తిరిగి ఇవ్వడం న్యాయమని నా అభిప్రాయం, నిర్ణయం మీది. ఫ్రిజ్ బాగయ్యే వరకు రివ్యూ తీసేయమని ఎవరూ ఆయనను అడగకూడదు.

తప్పుపడ్డ బిల్లు నకలు, స్టిక్కరు ఫొటో ప్రింటు దీనికి జతపరిచాను.