వార్డులో రోగి పడిపోయిన ఘటనపై నివేదిక

నర్సింగ్ సూపరింటెండెంట్ గారికి,

వార్డు: మగవారి జనరల్ మెడిసిన్, బెడ్ 14
ఘటన: 2025 జులై 18, తెల్లవారుజామున 2:40
రోగి: 68 ఏళ్ల పురుషుడు, గుండె వైఫల్యంతో చేరి మూడో రోజు. గతంలో స్టెంట్ వేశారు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, లేసిక్స్ మాత్రలు వాడుతున్నారు.

రోగి పడిపోవడం నేను చూడలేదు. బెడ్ 22 దగ్గర నెబ్యులైజర్ పెడుతుండగా ఇనుప స్టాండ్ పడిన చప్పుడు వినిపించి పరుగెత్తాను. రోగి తన మంచానికి మూడడుగుల దూరంలో, ఎడమ వైపుకి ఒరిగి నేలమీద ఉన్నారు. బెడ్ 15 సెలైన్ స్టాండ్ పక్కనే పడి ఉంది. ఆ బెడ్ అటెండెంట్ మేలుకునే ఉన్నారు. ఆయన చెప్పిన ప్రకారం రోగి లేచి నిలబడి, తూలి, ఆ స్టాండ్ పట్టుకున్నారు. చక్రాలున్న స్టాండ్ కావడంతో అది జరిగిపోయింది. పడేటప్పుడు తల లాకర్ అంచుకి తగిలింది. నేల పొడిగానే ఉంది. పెద్ద లైట్లు ఆర్పేసి ఉన్నాయి, ఆ వైపు బెడ్‌లైటు ఒక్కటే వెలుగుతోంది. బాత్రూం వైపు సైడ్ రైల్ దించి ఉంది.

రోగి మాటలు ఆయన చెప్పినట్టే రాస్తున్నాను: "లేచి నిలవడంగనే కండ్లు తిరిగినయ్ బిడ్డా. నువ్వు అవుతల పేషెంటుతోని ఉన్నవ్, ఆమె పండుకున్నది, ఎందుకు లేపుడు అనుకున్న."

ఆయన మూత్రానికి లేచారు. అంతకుముందు 12:15కి, 1:30కి భార్య సాయంతో వెళ్లి వచ్చారు. సాయంత్రం 6 గంటలకు వేయాల్సిన లేసిక్స్ 40 మిల్లీగ్రాముల మాత్ర ఫార్మసీ నుంచి ఆలస్యంగా రావడంతో రాత్రి 9:30కి ఇచ్చాం. రాత్రంతా లేవాల్సి రావడానికి ఇది ఒక కారణమని నా అభిప్రాయం. ఆ సమయానికి వార్డులో 32 మంది రోగులు, ఇద్దరు నర్సులం. ఆయా శాంపిల్స్ తీసుకుని ల్యాబ్‌కి వెళ్లింది.

రోగిని వెంటనే లేపలేదు. మెడ కదపనివ్వకుండా అక్కడే చూశాం. స్పృహ పూర్తిగా ఉంది, జీసీఎస్ 15. కనుపాపలు రెండూ సమానం, వెలుగుకి స్పందిస్తున్నాయి. మెడ నొప్పి లేదు. కాళ్లు రెండూ ఒకే పొడవు, పాదం బయటికి తిరగలేదు, తుంటి నొక్కితే నొప్పి లేదు. బీపీ 100/60, నాడి 96, ఆక్సిజన్ 95 శాతం, షుగర్ 132. డ్యూటీ డాక్టర్ 2:50కి వచ్చి చూశాక నలుగురం కలిసి షీటుతో మంచం మీదికి చేర్చాం.

గాయాలు: ఎడమ కనుబొమ మీద 2 సెంటీమీటర్ల చీలిక, రెండు కుట్లు పడ్డాయి. ఎడమ మోచేతికి గీరుకుపోయింది. ఎడమ మణికట్టు వాచింది, ఎక్స్‌రేలో ఎముక విరగలేదు. టీటీ ఇంజక్షన్ ఇచ్చాం. చేతికున్న కాన్యులా ఊడిపోతే కుడి చేతికి కొత్తది వేశాం. రక్తం పలచబరిచే మందులు రెండు వాడుతున్నారు కాబట్టి, స్పృహ బాగున్నా డాక్టర్ తల సీటీ రాశారు. 4:05కి తీశారు, రక్తస్రావం లేదని 4:40కి రిపోర్టు వచ్చింది. మొదటి రెండు గంటలు అరగంటకోసారి, తర్వాత నాలుగు గంటలు గంటకోసారి, ఆపై రెండు గంటలకోసారి 24 గంటలూ న్యూరో పరిశీలన రాయమన్నారు.

6 గంటలకు పడుకోబెట్టి చూస్తే బీపీ 122/74, మూడు నిమిషాలు నిలబెట్టాక 94/60. కళ్లు తిరగడానికి ఇదే కారణం కావచ్చని డాక్టర్ కేస్‌షీట్‌లో రాశారు.

భార్య మంచం పక్కనే నేలమీద చాప వేసుకుని పడుకున్నారు. నిద్రపోయినందుకు తనదే తప్పని ఏడ్చారు. "అమ్మా, మీ తప్పు కాదు, ఆయన్ని చూసుకోవాల్సింది మేము" అని చెప్పాను. కొడుకుకి 3:10కి ఫోన్ చేసి ఏం జరిగిందో, దెబ్బ ఎక్కడ తగిలిందో, సీటీ ఎందుకు తీయిస్తున్నామో చెప్పాను. "అంతమంది ఉండి ఎట్ల పడ్డడు?" అని అడిగారు. పడినప్పుడు ఆయన దగ్గర ఎవరమూ లేమని దాచకుండా చెప్పాను. డాక్టర్ కూడా మాట్లాడారు. సీటీ ఫలితం 4:50కి చెప్పాం. ఉదయం 9 గంటలకు వచ్చి పెద్ద డాక్టర్‌గారితో మాట్లాడతానన్నారు.

చేరిన రోజు మోర్స్ స్కోరు 35 వేశారు. లేసిక్స్ మొదలుపెట్టాక, రోగి నీరసపడ్డాక మళ్లీ వేయలేదు. నేనూ డ్యూటీలోకి వచ్చాక వేయలేదు, వేసి ఉండాల్సింది. ఇప్పుడు వేస్తే 70 వచ్చింది.

చేసిన మార్పులు: రోగిని నర్సుల టేబుల్ ఎదురుగా ఉన్న బెడ్ 3కి మార్చాం, మంచం ఎత్తు తగ్గించాం. యూరినల్ కుడి చేతికి అందేలా పెట్టి, పడుకునే వాడేలా నేర్పాం. రాత్రి రెండు గంటలకోసారి మేమే వెళ్లి అడుగుతాం. రైల్స్ ఎత్తినంత మాత్రాన సరిపోదు, అవసరమైతే రోగి వాటినీ దాటబోతారు. చేతులు కట్టేయడం గురించి ఒకరు అడిగారు, నేను ఒప్పుకోలేదు. సాయంత్రం లేసిక్స్ 4 గంటలకు మారుస్తూ డాక్టర్ ఆర్డరు రాశారు. లేచే ముందు మంచం అంచున కాసేపు కూర్చోవాలని భార్యాభర్తలిద్దరికీ చెప్పి, వాళ్లతో తిరిగి చెప్పించుకున్నాను. భార్య చాప కాళ్లవైపు వేయించాం. పసుపు ట్యాగ్ కట్టాం.

మీరు చూడాల్సినవి రెండు: సాయంత్రం మందులు ఫార్మసీ నుంచి సమయానికి రావడం, రాత్రి ఆయా ల్యాబ్‌కి వెళ్లినప్పుడు వార్డుకి ఇంకొకరు ఉండడం.

7:30 హ్యాండోవర్‌లో పగటి డ్యూటీ సిస్టర్‌కి రోగి మంచం దగ్గరే నిలబడి అన్నీ అప్పగించాను.

నైట్ డ్యూటీ స్టాఫ్ నర్సు
2025 జులై 18, ఉదయం 7:50